యజమాని సొంత కార్డుతో కొన్న వస్తువు వ్యాపార ఖాతాల్లోకి ఎలా చేరాలి?

సంక్షిప్తంగా: వ్యాపారానికి కావలసిన వస్తువును యజమాని తన సొంత క్రెడిట్ కార్డుతో కొంటే, ఆ క్షణం నుంచి వ్యాపారం యజమానికి బాకీ పడుతుంది. ఖర్చును కొన్న రోజునే రాయాలి. తర్వాత వ్యాపారం యజమానికి డబ్బు తిరిగి ఇవ్వడం కొత్త ఖర్చు కాదు, పాత బాకీ తీర్చడం మాత్రమే. ఈ రెండింటినీ కలిపేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు ఖాతాకెక్కుతుంది. ఒక్కోసారి యజమాని ఒకే డబ్బును రెండుసార్లు తీసుకునే పరిస్థితి కూడా వస్తుంది.

చిన్న వ్యాపారాల్లో ఇది తరచూ జరిగేదే. కంపెనీ పేరిట ఇంకా కార్డు రాలేదు, లేదా కంపెనీ బ్యాంకు ఖాతాలో ఆ రోజు సరిపడా డబ్బు లేదు, లేదా అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో కార్డు తప్ప వేరే చెల్లింపు తీసుకోరు. యజమాని తన కార్డు తీసి కొనేస్తారు. కొనడంలో ఇబ్బందేమీ లేదు. చిక్కంతా మూడు నాలుగు వారాల తర్వాత, కంపెనీ ఖాతా నుంచి యజమాని ఖాతాకు డబ్బు వెళ్లిన రోజున మొదలవుతుంది. ఆ చెల్లింపును ఏ పద్దు కింద రాయాలి? కొనుగోలు ఖర్చుగానా, జీతంగానా, యజమాని సొంతవాడకంగానా? సరైన జవాబు ఈ మూడూ కాదు. ఎందుకు కాదో తెలియాలంటే కార్డు గీసిన క్షణంలో ఎవరు ఎవరికి బాకీ పడ్డారో చూడాలి.

## ఒకే కొనుగోలు, రెండు బాకీలు

కార్డుతో చెల్లించగానే అమ్మినవారికి రావలసిన డబ్బు కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా అందుతుంది. వాళ్ల లెక్క అక్కడితో ముగిసింది. వ్యాపారం వాళ్లకు ఇంకేమీ ఇవ్వనక్కర లేదు. కానీ వాళ్ల స్థానంలో రెండు కొత్త బాకీలు పుడతాయి. ఒకటి, యజమాని కార్డు బ్యాంకుకు పడిన బాకీ. రెండోది, వ్యాపారం యజమానికి పడిన బాకీ.

ఈ రెండూ వేర్వేరు బాకీలు. మొదటిది యజమాని వ్యక్తిగత వ్యవహారం. బిల్లు ఎప్పుడు వస్తుంది, గడువు తేదీ ఏది, మొత్తం కట్టారా, కనీస మొత్తమే కట్టారా అన్నవేవీ వ్యాపార ఖాతాలకు సంబంధించినవి కావు. రెండోది మాత్రం పూర్తిగా వ్యాపారానిదే. అందుకే యజమాని కార్డు బిల్లు కట్టిన రోజున వ్యాపార పుస్తకాల్లో రాయాల్సింది ఏమీ ఉండదు. చాలామంది కార్డు స్టేట్‌మెంట్ వచ్చాకో, బిల్లు కట్టాకో ఖర్చు రాయాలనుకుంటారు. అది పొరపాటు. వస్తువు వ్యాపారం చేతికి వచ్చింది, దానికి బదులుగా బాకీ పుట్టింది. రాయడానికి ఆ రెండూ చాలు.

ఆ బాకీని రాసుకోవడానికి పుస్తకాల్లో ఒక ప్రత్యేక ఖాతా ఉండాలి. దానికి ఏ పేరు పెట్టినా ఫర్వాలేదు. ఈ వ్యాసంలో దాన్ని ‘యజమానికి ఇవ్వాల్సింది’ అందాం. ఇది ఖర్చుల ఖాతా కాదు, అప్పుల వైపు ఉండే ఖాతా. మొత్తం వ్యవహారానికి ఇరుసు ఇదే.

## ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరి దాకా

ఇంటీరియర్ డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీని ఊహించుకుందాం. దానికి ఒక్కరే యజమాని. ఖాతాల సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుంది. డిసెంబరు 29న యజమాని ఒకే ఆర్డర్‌లో మూడు వస్తువులు కొన్నారు: ఆఫీసుకు 48,000 విలువైన ప్రింటర్, 6,000 విలువైన ఇంకు కార్ట్రిడ్జ్‌లు, ఇంట్లో వాడుకోవడానికి 4,000 విలువైన హెడ్‌ఫోన్స్. కార్డు మీద పడింది 58,000. లెక్క తేలిగ్గా ఉండడానికి పన్నులను పక్కన పెడదాం.

ముందుగా విడదీయాల్సింది హెడ్‌ఫోన్స్‌ను. అవి యజమాని సొంతానివి, కాబట్టి వ్యాపార పుస్తకాల్లోకి రావు. మిగిలిన 54,000 మాత్రమే వ్యాపారానిది. డిసెంబరు 29 తేదీతో ఇలా రాస్తారు:

```
ప్రింటర్                  డెబిట్    48,000
ఆఫీసు సామగ్రి ఖర్చు       డెబిట్     6,000
యజమానికి ఇవ్వాల్సింది     క్రెడిట్   54,000
```

కార్డు అన్న మాట ఈ ఎంట్రీలో ఎక్కడా లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. యజమాని నగదు ఇచ్చి కొన్నా, స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని కొన్నా వ్యాపారం వైపు ఎంట్రీ ఇదే. ప్రింటర్ కొన్నేళ్లు పనిచేసే వస్తువు కాబట్టి ఆస్తిగా నమోదై, ఆ తర్వాత ఏటా తరుగుదలగా ఖర్చులోకి వస్తుంది. కార్ట్రిడ్జ్‌లు త్వరగా వాడేసేవి, వాటిని నేరుగా ఖర్చుగా రాశాం.

డిసెంబరు 31న పుస్తకాలు మూశారు. బ్యాంకు ఖాతా నుంచి ఒక్క పైసా కదలలేదు. అయినా బ్యాలెన్స్ షీట్‌లో 48,000 ప్రింటర్ కనిపిస్తుంది, అప్పుల వైపు 54,000 కనిపిస్తుంది. నిజ పరిస్థితి కూడా అదే.

జనవరి 10న కార్డు స్టేట్‌మెంట్ వచ్చింది. గడువు జనవరి 30. యజమాని బిల్లుల కాపీలు, స్టేట్‌మెంట్‌లో సంబంధించిన పేజీ జతచేసి 54,000కు క్లెయిమ్ రాసి ఇచ్చారు. జనవరి 22న కంపెనీ ఖాతా నుంచి యజమాని ఖాతాకు సరిగ్గా 54,000 వెళ్లింది.

```
యజమానికి ఇవ్వాల్సింది     డెబిట్    54,000
బ్యాంకు                   క్రెడిట్   54,000
```

‘యజమానికి ఇవ్వాల్సింది’ ఖాతా సున్నాకు వచ్చింది. ఖర్చుల ఖాతాలు ఈ రోజు కదలలేదు. ఎందుకంటే ఖర్చు డిసెంబరులోనే నమోదైపోయింది.

ఇక్కడ సంవత్సరం మారడం గమనించాలి. కొనుగోలును జనవరిలో, డబ్బు తిరిగి ఇచ్చిన రోజున మాత్రమే రాసి ఉంటే, డిసెంబరుతో ముగిసిన సంవత్సరం లాభం కనీసం 6,000 ఎక్కువగా కనిపించేది. ఆస్తులు 48,000 తక్కువగా, అప్పులు 54,000 తక్కువగా కనిపించేవి. ఆ బ్యాలెన్స్ షీట్ చూసి అప్పిచ్చే బ్యాంకుకు కంపెనీ ఉన్నదానికంటే తక్కువ బాకీలతో కనబడుతుంది.

అయితే ఒక పరిమితి చెప్పుకోవాలి. పైన చూపింది బాకీ పుట్టినప్పుడే లెక్క రాసే పద్ధతి. డబ్బు చేతులు మారినప్పుడే రాసే నగదు పద్ధతిలో నడిచే కంపెనీకి, తన డబ్బు బయటికి వెళ్లేది జనవరి 22నే. అప్పుడు పన్ను లెక్కలో ఆ ఖర్చు ఏ సంవత్సరానిది అన్నది ఆయా దేశపు పన్ను నియమాలను బట్టి తేలుతుంది. సంవత్సరం చివరి వారాల్లో సొంత కార్డుతో చేసే పెద్ద కొనుగోళ్లకు ఈ ప్రశ్న ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

## రెండుసార్లు ఖర్చు రాయడం ఎలా జరుగుతుంది

ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఇదే. దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయలేం. పని ఎలా నడుస్తుందో చూస్తే ఆ తప్పు ఎంత సహజంగా దొర్లుతుందో అర్థమవుతుంది.

ఇప్పటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లు బ్యాంకు లావాదేవీలను నేరుగా తెచ్చుకుంటాయి. జనవరి 22 నాటి 54,000 తెర మీద కనిపిస్తుంది, పక్కన యజమాని పేరు. లెక్కలు రాసేవారికి అది ప్రింటర్ డబ్బు అని గుర్తుంటుంది. దాంతో ‘ఆఫీసు ఖర్చులు’ అని ఎంచుకుంటారు. కానీ డిసెంబరులో బిల్లు చూసి వేసిన ఎంట్రీ అప్పటికే పుస్తకాల్లో ఉంది. బిల్లులు నమోదు చేసే మనిషి ఒకరు, బ్యాంకు లావాదేవీలు సరిచూసే మనిషి ఇంకొకరు అయితే ఇది మరీ తేలిగ్గా జరుగుతుంది. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. కలిపి చూస్తే మాత్రం 54,000 కొనుగోలు 1,08,000గా మారింది.

ఫలితం రెండు చోట్ల కనిపిస్తుంది. జనవరిలో లాభం 54,000 తగ్గింది, అంటే పన్ను లెక్క తప్పింది. రెండోది ఇంకా నెమ్మదిగా బయటపడుతుంది: ‘యజమానికి ఇవ్వాల్సింది’ ఖాతాలో 54,000 బాకీ అలాగే నిలిచిపోయింది. ఆరు నెలల తర్వాత ఎవరో ఆ పద్దు చూసి, కంపెనీ యజమానికి ఇంకా 54,000 ఇవ్వాలి అనుకుంటారు. యజమానికి కూడా గుర్తుండదు. డబ్బు మళ్లీ చెల్లిస్తారు. మోసం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేకుండానే ఒకే కొనుగోలుకు కంపెనీ రెండుసార్లు డబ్బు ఇచ్చేసింది.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. కొనుగోలును అసలు నమోదు చేయకుండా, తిరిగి ఇచ్చిన డబ్బును మాత్రం ‘యజమానికి ఇవ్వాల్సింది’ ఖాతాలో డెబిట్ రాయడం. అప్పుడు ఆ ఖాతా తలకిందులవుతుంది. కంపెనీయే యజమానికి 54,000 అప్పు ఇచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీ తన డైరెక్టర్లకు, వాటాదార్లకు ఇచ్చే అప్పుల మీద చాలా దేశాల్లో ప్రత్యేక నిబంధనలు ఉంటాయి. లేని అప్పుకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన టెన్షన్ అనవసరంగా వస్తుంది.

ఈ రెండు తప్పులనూ ఒకే పరీక్షతో పట్టుకోవచ్చు. నెలాఖరున ‘యజమానికి ఇవ్వాల్సింది’ ఖాతా తెరిచి చూడాలి. అందులో మిగిలిన మొత్తం, ఇంకా చెల్లించని క్లెయిమ్‌ల మొత్తానికి సమానంగా ఉండాలి. చెల్లించని క్లెయిమ్‌లు లేకపోతే సున్నా ఉండాలి. క్లెయిమ్‌లన్నీ తీరిపోయినా బాకీ మిగిలి ఉందంటే, చెల్లింపు ఏదో పొరపాటున ఖర్చుల్లోకి వెళ్లింది. ఖాతా తలకిందులైందంటే, కొనుగోలు ఏదో నమోదు కాలేదు. తేడా మొత్తం ఏ బిల్లుతో సరిపోతుందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో కూడా చాలావరకు దొరుకుతుంది.

ఈ పరీక్ష పనిచేయాలంటే ఒక షరతు ఉంది. తిరిగి ఇచ్చే మొత్తం క్లెయిమ్‌తో పైసాతో సహా సరిపోవాలి. 54,000 బదులు ‘లెక్క సరి చేసుకుందాంలే’ అని 55,000 పంపితే, ఆ మిగిలిన 1,000 ఖాతాలో తోకలా వేలాడుతుంది. అలాంటి తోకలు పది చేరాక ఏ క్లెయిమ్ తీరిందో, ఏది తీరలేదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

## వస్తువు వాపసు చేసినప్పుడు

ఫిబ్రవరి 5న సగం కార్ట్రిడ్జ్‌లు ప్రింటర్‌కు సరిపోవని తేలి వాపసు చేశారు. 3,000 తిరిగి వచ్చింది. ఎక్కడికి వచ్చింది? సాధారణంగా వాపసు డబ్బు ఏ కార్డుతో కొన్నారో ఆ కార్డుకే వస్తుంది. అంటే యజమాని కార్డుకు. కంపెనీ అప్పటికే యజమానికి పూర్తి మొత్తం ఇచ్చేసింది. కాబట్టి ఇప్పుడు యజమాని చేతిలో ఉన్నది కంపెనీ డబ్బు.

కంపెనీ బ్యాంకు ఖాతాలో ఈ వాపసు ఆనవాలు ఉండదు. అందుకే ఇది చాలా తేలిగ్గా తప్పించుకుపోతుంది. యజమాని స్వయంగా చెబితేనో, అమ్మినవారి నుంచి వచ్చిన క్రెడిట్ నోట్ ఎవరైనా చూస్తేనో తప్ప బయటపడదు. రాయాల్సిన తీరు ఇదీ: ‘యజమానికి ఇవ్వాల్సింది’ ఖాతాకు 3,000 డెబిట్, ఆఫీసు సామగ్రి ఖర్చుకు 3,000 క్రెడిట్. యజమాని ఆ డబ్బు కంపెనీకి పంపవచ్చు, లేదా తర్వాతి క్లెయిమ్‌లో తగ్గించుకోవచ్చు. తర్వాతి క్లెయిమ్ 9,500 అయితే చెల్లించేది 6,500. రెండు మొత్తాలూ క్లెయిమ్ కాగితం మీద విడివిడిగా కనిపించాలి.

## వడ్డీ ఎవరు భరించాలి

క్రెడిట్ కార్డులో కొన్న రోజుకూ గడువు తేదీకీ మధ్య వడ్డీ లేని కాలం ఉంటుంది. పై ఉదాహరణలో డిసెంబరు 29 నుంచి జనవరి 30 దాకా. జనవరి 22న డబ్బు వచ్చింది కాబట్టి యజమాని గడువులోపు బిల్లు మొత్తం కట్టగలిగారు. ఎవరికీ వడ్డీ భారం లేదు.

కంపెనీ ఫిబ్రవరి 22న ఇచ్చి ఉంటే, యజమాని దగ్గర వేరే డబ్బు లేక బిల్లు కట్టలేకపోయి ఉంటే? చాలా కార్డుల్లో గడువులోపు పూర్తిగా కట్టకపోతే వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, కొన్న తేదీ నుంచే రోజువారీగా లెక్కిస్తారు. రోజుకు 0.1 శాతం అనుకుంటే, 54,000 మీద రోజుకు 54. డిసెంబరు 29 నుంచి ఫిబ్రవరి 22 దాకా 55 రోజులు. అంటే 2,970. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని కాలం పోవడం మామూలే. యజమాని ఇంటి ఖర్చుల మీద కూడా వడ్డీ పడుతుందన్నమాట.

ఆ వడ్డీని కంపెనీ నుంచి అడగవచ్చా? ఆలస్యం కంపెనీ వల్లే జరిగి, అలా భరిస్తామని ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే అడగడం న్యాయమే. కానీ లెక్క తేల్చడం కష్టం. స్టేట్‌మెంట్‌లో వడ్డీ ఒకే మొత్తంగా కనిపిస్తుంది. అందులో 58,000 ఆర్డర్‌ది ఎంత, అందులో హెడ్‌ఫోన్స్‌ది ఎంత, పోయిన నెల మిగిల్చిన ఇంటి బాకీది ఎంత అని విడదీయాలి. ఆ కార్డును వ్యాపారానికే వాడి ఉంటే ఈ బాధ ఉండదు. అందుకే వ్యాపార కొనుగోళ్లకు తన కార్డుల్లో ఒకదాన్ని విడిగా కేటాయించుకోవడం యజమానికి నిజంగా పనికొచ్చే ఏర్పాటు. కార్డు వ్యక్తిగతమే అయినా దాని మీద ఇంటి ఖర్చులు ఉండవు.

విదేశీ కరెన్సీలో కొన్నప్పుడు కూడా స్టేట్‌మెంటే ప్రమాణం. బిల్లు మీది మొత్తాన్ని ఏదో ఒక రోజు రేటుతో మార్చి క్లెయిమ్ చేయకూడదు. కార్డు బ్యాంకు చివరికి ఎంత వసూలు చేసిందో, మార్పిడి రుసుముతో సహా, అదే యజమాని జేబులోంచి పోయిన డబ్బు. కొన్న రోజు యాప్‌లో కనిపించే తాత్కాలిక మొత్తం రెండు మూడు రోజుల్లో మారవచ్చు, కాబట్టి లావాదేవీ ఖరారయ్యాకే క్లెయిమ్ వేయాలి.

## బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి

కార్డు స్టేట్‌మెంట్ ఒక్క విషయాన్నే రుజువు చేస్తుంది: ఫలానా రోజున ఫలానా అమ్మకందారుకు ఇంత డబ్బు వెళ్లిందని. ఏం కొన్నారో, అది ఎవరి కోసమో చెప్పదు. ఆ రుజువు బిల్లులోనే ఉంటుంది. రెండూ కలిస్తేనే క్లెయిమ్ పూర్తవుతుంది.

ఆన్‌లైన్‌లో సొంత కార్డుతో, సొంత ఖాతాతో కొంటే బిల్లు యజమాని పేరు మీద, ఇంటి చిరునామాతో వస్తుంది. కొనుగోలు మీద కట్టిన పన్నును వ్యాపారం తిరిగి రాబట్టుకునే విధానం ఉన్న చోట్ల ఇది డబ్బు నష్టంగా మారుతుంది. అక్కడ సాధారణంగా బిల్లు మీద వ్యాపారం పేరు, దాని పన్ను నమోదు సంఖ్య ఉండాలి. ఎవరి కార్డుతో కట్టారన్నది చాలావరకు అడ్డంకి కాదు, బిల్లు ఎవరి పేరు మీద ఉందన్నదే అడ్డంకి. కొన్నాక బిల్లు మార్పించుకోవడం కొన్నిసార్లు కుదరదు. ఆర్డర్ పెట్టే ముందే వ్యాపారం వివరాలు ఇవ్వాలి, ఇంటి వస్తువులను అదే ఆర్డర్‌లో కలపకూడదు. మన ఉదాహరణలో హెడ్‌ఫోన్స్‌ను విడిగా కొని ఉంటే మొదటి లెక్క ఇంకా శుభ్రంగా ఉండేది.

## కంపెనీ నేరుగా కార్డు బిల్లు కట్టేస్తే

మధ్యలో యజమాని ఖాతా ఎందుకు, కంపెనీ బ్యాంకు నుంచే కార్డు బిల్లు కట్టేస్తే పోలేదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కట్టవచ్చు. లెక్కలో అది యజమాని తరఫున చేసిన చెల్లింపు, కాబట్టి ఎంట్రీ మారదు. ‘యజమానికి ఇవ్వాల్సింది’ డెబిట్, బ్యాంకు క్రెడిట్. ప్రమాదం మొత్తంలో ఉంది. స్టేట్‌మెంట్ 80,000 ఉండి, వ్యాపార వాటా 54,000 అయితే, మిగిలిన 26,000 యజమాని సొంత ఖర్చు కంపెనీ కట్టినట్టు. అది యజమానికి ఇచ్చిన అప్పో, జీతమో, లాభంలో వాటానో తేల్చాలి, దాని పన్ను పరిణామాలు వేరు. క్లెయిమ్ చేసిన మొత్తం మాత్రమే పంపడం చాలా తేలిక.

## కంపెనీ కాకుండా సొంత వ్యాపారమైతే

ఇంతవరకు చెప్పింది కంపెనీ గురించి. కంపెనీ, యజమాని చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు, అందుకే వాళ్ల మధ్య బాకీ అన్న మాటకు అర్థం ఉంది. రిజిస్టర్డ్ కంపెనీ లేకుండా ఒక్కరే తన పేరిట నడిపే వ్యాపారంలో ఆ విభజన చట్టంలో లేదు. మనిషి తనకు తానే బాకీ పడలేరు.

కాబట్టి అక్కడ డిసెంబరు 29న క్రెడిట్ అయ్యేది యజమాని మూలధనం. సొంత డబ్బు వ్యాపారంలో పెట్టారని అర్థం. జనవరి 22న తీసుకున్న 54,000 సొంతవాడకాల కింద వస్తుంది. లాభం మీద ప్రభావం మాత్రం అదే: కొనుగోలు మాత్రమే ఖర్చు, డబ్బు వెనక్కి తీసుకోవడం ఖర్చు కాదు. ఒక తేడా ఉంది. సొంత వ్యాపారంలో డబ్బు వెనక్కి తీసుకోకపోయినా ఖర్చు ఖర్చే, లెక్క చెడదు. కంపెనీలో తిరిగి ఇవ్వకపోతే బాకీ ఏళ్ల తరబడి పుస్తకాల్లో అప్పుగా నిలిచి ఉంటుంది.

అలా నిలిచిన బాకీకి ఒక ప్రమాదం ఉంది, అది మామూలు రోజుల్లో కనబడదు. కంపెనీ దివాలా తీస్తే, తన కార్డుతో కంపెనీకి ప్రింటర్ కొనిచ్చిన యజమాని హామీ లేని మామూలు అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులు ముందు ఉంటాయి. దివాలాకు కొద్ది నెలల ముందు యజమానికి మాత్రమే బాకీలు తీర్చి ఉంటే, ఆ చెల్లింపులను వెనక్కి రప్పించే అవకాశం కూడా చాలా దేశాల చట్టాల్లో ఉంది. కార్డు బ్యాంకుకు మాత్రం ఇవేవీ పట్టవు. ఆ బిల్లు యజమాని పేరు మీదే ఉంటుంది, కట్టాల్సిందీ యజమానే.